అడ్వాన్స్ తిరిగివ్వలేదని కోపంతో రాసిన రివ్యూలను ఎంతవరకు నమ్మాలి? (ఫంక్షన్ హాల్ విషయం)

కృష్ణలంక కుర్రాడు · శనివారం, రాత్రి 9:40

మా చెల్లి పెళ్లి మాఘమాసంలో. విజయవాడలో ఒక హాల్ చూశాం, నాన్నకి నచ్చింది. అద్దె 2,20,000, అడ్వాన్స్ 60,000. సోమవారం కట్టేద్దాం అనుకుంటుంటే గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలు చూసి ఆగిపోయాను. మొత్తం 186 రివ్యూలు, 4.3 రేటింగ్. కానీ Newest నొక్కి చూస్తే ఆరు వన్ స్టార్ రివ్యూలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, ఆరింటికీ "3 వారాల క్రితం" అనే ఉంది.

మొదటిది ఇది: "ఎవరూ వెళ్లకండి. దొంగలు. 60 వేలు మింగేశారు. పెళ్లి ఆగిపోయి మేం ఏడుస్తుంటే కనికరం లేదు. ఏసీ పని చేయదు, భోజనాల హాలు కంపు, బాత్రూమ్‌లు దరిద్రం."

రెండోది: "వరస్ట్. ఏసీ పని చేయదు, బాత్రూమ్‌లు దరిద్రం. మేనేజర్‌కి మర్యాద తెలియదు." మూడు, నాలుగు వట్టి స్టార్లే, మాట లేదు. ఐదోది: "డబ్బు తీసుకుని మాట మారుస్తారు, మోసగాళ్లు." ఆరోది మాత్రం: "జనరేటర్ రెండుసార్లు ఆగింది. రెండోసారి సరిగ్గా తలంబ్రాల టైమ్‌లో. డీజిల్ ఖర్చు మనదే అని బుకింగ్ అప్పుడు చెప్పలేదు."

మొదటి దాని కింద ఓనర్ జవాబు: "మీరు ముహూర్తానికి 19 రోజుల ముందు క్యాన్సిల్ చేశారు. షరతు రసీదు మీదే ఉంది. ఇంటిల్లిపాదితో రివ్యూలు రాయించడం తగదు."

ఇవన్నీ కక్షతో రాసినవేనా? పట్టించుకోకుండా కట్టేయొచ్చా? ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది.

---

మిర్చిబజ్జి · శనివారం, రాత్రి 9:58

సింపుల్ బ్రో. పేరు మీద నొక్కి ప్రొఫైల్ చూడు. ఒకే ఒక్క రివ్యూ ఉంటే ఫేక్. ఆరూ వదిలేయ్, వెళ్లి డబ్బు కట్టెయ్.

---

కాకినాడ కోడలు · శనివారం, రాత్రి 10:15

మిర్చిబజ్జి గారూ, నా ప్రొఫైల్‌లో కూడా ఒక్కటే రివ్యూ ఉంది. నేను ఫేక్ కాదండి 😀 మామూలుగా బాగుంటే ఎవరు రాస్తారు? ఒళ్లు మండినప్పుడే రాస్తాం.

సిగ్గు విడిచి చెప్తున్నా. రెండేళ్ల క్రితం ఒక బొటిక్‌లో పట్టుచీర జాకెట్టు కుట్టడానికి ఇచ్చాను. మగ్గం వర్క్‌తో కలిపి 4,500. చంకల దగ్గర బిగుతుగా వచ్చింది, లోపల వదలడానికి గుడ్డ కూడా ఉంచలేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే ఇవ్వనంది. ఇంటికి వచ్చి అన్నం కూడా తినకుండా రివ్యూ రాశాను. ఏం రాశానో తెలుసా? "కుట్టు నాసిరకం, ఎప్పుడూ టైమ్‌కి ఇవ్వరు, వర్క్ రాలిపోతుంది" అని. అంతకు ముందు ఆవిడే నాకు నాలుగు జాకెట్లు కుట్టింది. నాలుగూ టైమ్‌కే ఇచ్చింది, పూస కూడా రాలలేదు. నాకు జరిగింది ఒక్క కొలత తప్పు, ఒక రిఫండ్ గొడవ. రాసింది మాత్రం షాపు మొత్తం మీద.

నెల తర్వాత మా తోడికోడలు "ఆ రివ్యూ చూసి నేను అక్కడ ఇవ్వడం మానేశాను" అంది. అప్పుడు గుచ్చుకుంది. వెళ్లి మార్చాను, జరిగింది జరిగినట్టు పెట్టాను. ఇప్పుడు దాని మీద Edited అని కనిపిస్తుంది.

---

రిటైర్డ్ గార్డు · శనివారం, రాత్రి 10:52

రైల్వేలో రిటైరయ్యాక పన్నెండేళ్లుగా మా ఊరి వినియోగదారుల సంఘంలో కూర్చుంటున్నాను. ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ గొడవలు ఏటా పెళ్లిళ్ల సీజన్‌లో వస్తూనే ఉంటాయి. కోడలమ్మ చెప్పింది వంద శాతం నిజం. రిఫండ్ దొరకనివాడి రివ్యూ సాధారణంగా అబద్ధం కాదు, అతి. నిజం చిన్నదిగా ఉంటుంది, దాని చుట్టూ కోపం పెద్దదిగా పెరుగుతుంది.

బాబూ, మొదటి రివ్యూ మళ్లీ చదువు. పెళ్లి ఆగిపోయింది అంటున్నాడు. అంటే ఆ హాల్లో వాళ్ల ఫంక్షన్ జరగనే లేదు. మరి భోజనాల హాలు కంపు కొట్టిందని ఎలా తెలిసింది? ఇలాంటి రివ్యూ చూడగానే నేను మొదట అడిగేది అదే: ఈ మనిషి తన కళ్లతో ఏది చూసి ఉంటాడు, ఏది చూసి ఉండడు? అతను చూసింది మేనేజర్ ముఖం, రసీదు, డబ్బు అడిగినప్పుడు వచ్చిన జవాబు. ఆ మేరకు అతను సాక్షి. ఏసీకి కాదు.

రెండోది "ఏసీ పని చేయదు, బాత్రూమ్‌లు దరిద్రం" అని అవే మాటలు, అదే వరసలో అంటోంది. మొదటిది చూసి రాసినదో, ఒకే సోఫాలో కూర్చుని రాసినదో అయి ఉంటుంది. దానికి విడిగా బరువు ఇవ్వక్కర్లేదు. మాట లేని స్టార్లూ అంతే. ఐదోది ఆ గుంపుదే కావచ్చు, కాకపోనూ వచ్చు.

ఆరోదాన్ని మాత్రం ఆ గుంపులో కలిపి పారేయకు. అందులో రిఫండ్ ఊసే లేదు. తలంబ్రాల టైమ్‌లో కరెంటు పోయిందని రాసినవాడు పెళ్లి చూసినవాడు.

---

నైట్‌షిఫ్ట్ · శనివారం, రాత్రి 11:30

గార్డు గారూ, పెళ్లి జరగకపోతే ఏసీ గురించి తెలియదు అనుకోవడం ఎందుకు? అదే హాల్లో వేరేవాళ్ల పెళ్లికి వెళ్లి ఉండొచ్చు. బుక్ చేసేవాళ్లలో సగం మంది అలా చూసి నచ్చే బుక్ చేస్తారు.

---

రిటైర్డ్ గార్డు · శనివారం, రాత్రి 11:41

వెళ్లి ఉండొచ్చు. కాదనను. కానీ ఏసీ పని చేయదని, కంపని ముందే చూసి ఉంటే 60 వేలు కట్టేవాడా?

---

చట్నీ ఎక్స్‌ట్రా · ఆదివారం, ఉదయం 6:20

నమస్తే అండి. మాకు టిఫిన్ సెంటర్ ఉంది. ఒకాయన ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి దోశ మెత్తబడిందని డబ్బు వెనక్కి అడిగాడు. దోశ పార్సిల్ కడితే మెత్తబడదా అండి. ఇవ్వలేదని వన్ స్టార్ ఇచ్చాడు, "పురుగు వచ్చింది" అని కూడా రాశాడు. దీన్ని తీసేయించడం ఎలా? ఎవరికైనా డబ్బు ఇస్తే తీస్తారంట కదా?

---

తాళం గుత్తి · ఆదివారం, ఉదయం 7:05

టిఫిన్ సెంటర్ అన్నా, డబ్బు ఇచ్చి తీయిస్తామనే వాళ్ల జోలికి పోకు, డబ్బులు పోతాయి. రివ్యూ పక్కన మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ కొట్టొచ్చు. బూతులు, బెదిరింపు, అసలు కస్టమరే కాకపోవడం లాంటివి ఉంటే తీస్తారు. "అతను చెప్పేది అబద్ధం, నేను చెప్పేది నిజం" అంటే మాత్రం గూగుల్ వాడు మధ్యలో కూర్చుని పంచాయితీ చేయడు. జవాబు రాసుకో, కోపం లేకుండా, రెండు ముక్కలు.

ఇక అసలు విషయం. నేను ఒక ఫంక్షన్ హాల్లో మేనేజర్‌ని (ఈ హాల్ కాదు, ఈ ఊరూ కాదు). మా వైపు కథ కూడా వినండి. పెళ్లిళ్లు ఏడాది పొడుగునా ఉండవు. మూఢాలు, ఆషాఢం, పుష్యం పోగా మిగిలిన మంచి ముహూర్తాలు కొన్నే. ఆ రోజుల్లోనే ఏడాది ఖర్చంతా రావాలి. ఆరు నెలల ముందు క్యాన్సిల్ చేస్తే ఆ తేదీ ఇంకొకళ్లకి ఇచ్చేస్తాం. 19 రోజుల ముందు అంటే అప్పటికే అందరూ శుభలేఖలు పంచేసి ఉంటారు, కొత్తగా పెళ్లి ఎవరు పెట్టుకుంటారు? క్యాన్సిల్ చేసినవాళ్లలో కొందరు మొహం మీదే అంటారు: "డబ్బు ఇవ్వకపోతే మా బంధువులందరితో ఒక స్టార్ పెట్టిస్తాం." అన్నమాట నిలబెట్టుకుంటారు కూడా, ఆ రాత్రికే.

---

మిర్చిబజ్జి · ఆదివారం, ఉదయం 8:10

అదేం లెక్క? వినియోగదారుల చట్టం 2019లో ఉంది, 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి. ఇవ్వకపోతే నేరం. కాబట్టి రివ్యూ రాసినవాడిదే రైట్.

---

కృష్ణలంక కుర్రాడు · ఆదివారం, ఉదయం 8:14

రాత్రి "అన్నీ ఫేక్" అన్నది నువ్వే కదా బ్రో 😅

---

రిటైర్డ్ గార్డు · ఆదివారం, ఉదయం 9:00

30 రోజుల మాట ఉంది, కానీ అది లోపమున్న సరుకుకి, లోపమున్న సేవకి. బిల్లు మీద గడువు రాయకపోతే 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వాలి, ఇవ్వకపోతే అది అనుచిత వ్యాపార పద్ధతి. నీ అంతట నువ్వు పెళ్లి మానుకుని హాల్ వద్దంటే అది హాల్ లోపం కాదు కదా.

అయితే హాల్ వాళ్లకీ ఆ చట్టంలోనే ఇంకో చిక్కు ఉంది. జరిగిన నష్టానికి పొంతన లేనంత జరిమానా వేసే ఒప్పందం అన్యాయమైన ఒప్పందం కిందకి రావచ్చు. రసీదు మీద "అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు" అని అచ్చేసినంత మాత్రాన అది వేదవాక్కు కాదు. అన్యాయమైన ఒప్పందం అనే ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాదు, రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. అందుకే చాలామంది అంత దూరం పోలేక ఫోన్ తీసి స్టార్ నొక్కుతారు. కనీసం 1915 హెల్ప్‌లైన్‌కి చెప్పినా కొన్నిసార్లు మధ్యలో మాట్లాడి తేలుస్తారు.

చదివేవాడు తీర్పు చెప్పక్కర్లేదు గానీ ఒక్క ప్రశ్న వేసుకోవాలి. వాళ్లు వదిలేసిన తేదీ మళ్లీ అద్దెకు పోయిందా? పోకపోతే ఓనర్ 60 వేలు ఉంచుకోవడంలో న్యాయం ఉంది. పోతే, ఓనర్ ఒకే రోజుకి రెండుసార్లు డబ్బు తీసుకున్నట్టు, ఆ కోపంలో కొంత ధర్మం ఉంది. ఓనర్ జవాబులో 19 రోజులు ఉంది, రసీదు ఉంది. ఈ ఒక్క ముక్క లేదు చూడు.

---

లెక్కల టీచర్ · ఆదివారం, ఉదయం 10:25

ఆరు వన్ స్టార్‌లకి రేటింగ్ ఎంత పడిపోయిందో చూద్దామని వేశాను. 186 రివ్యూలు, 4.3 అంటే మొత్తం దాదాపు 800 స్టార్లు. ఆ కుటుంబానివి అనుకుంటున్న ఐదు తీసేస్తే 795 బై 181, అంటే 4.39. తేడా ఒక్క పాయింట్ కూడా లేదు. పెద్ద హాల్‌కి ఇది దోమ కుట్టినట్టు. అదే 20 రివ్యూలతో 4.5 ఉన్న చిన్న హోమ్‌స్టేకి ఇలాంటివి ఆరు పడితే 3.7కి దిగిపోతుంది. కాబట్టి తక్కువ రివ్యూలున్న చోట సగటు చూడటం దండగ, ఒక్కొక్కటీ చదవాల్సిందే.

కృష్ణలంక బాబూ, ఒకటి చెప్పు. ఆ ఆరింటి తర్వాత వెంటనే ఫైవ్ స్టార్‌లు పడ్డాయా?

---

కృష్ణలంక కుర్రాడు · ఆదివారం, ఉదయం 10:40

అమ్మో, ఎలా కనిపెట్టారు మేడం! తొమ్మిది ఉన్నాయి, అన్నీ "2 వారాల క్రితం". "సూపర్ హాల్", "గుడ్", "నైస్ పార్కింగ్", ఇంకోటి వట్టి దండం ఎమోజీ.

---

తాళం గుత్తి · ఆదివారం, ఉదయం 11:02

ఒప్పుకుంటున్నా, మా హాల్లోనూ ఇదే పని చేశారు. వన్ స్టార్‌లు పడగానే ఓనర్ గారి అబ్బాయి వచ్చి, క్యాటరింగ్ కుర్రాళ్ల దగ్గర్నుంచి డెకరేషన్ వాళ్ల వరకు అందరి ఫోన్లూ తీయించాడు. అవీ నమ్మొద్దు.

---

లెక్కల టీచర్ · ఆదివారం, ఉదయం 11:10

అయితే ఆ ఐదూ ఈ తొమ్మిదీ తీసేస్తే 750 బై 172, అంటే 4.36. ఇద్దరూ కొట్టుకుని చివరికి రేటింగ్‌ని ఉన్న చోటే వదిలేశారన్నమాట.

---

రిటైర్డ్ గార్డు · ఆదివారం, ఉదయం 11:35

ఇప్పుడు Lowest నొక్కి పాత వన్ స్టార్, టూ స్టార్‌లన్నీ చదివి ఇక్కడ పెట్టు బాబూ. కావలసిన జవాబు అక్కడే ఉంటుంది. కక్షతో రాసిన రివ్యూలో ఏ ముక్క నిజమో తేల్చాలంటే, ఈ గొడవతో సంబంధం లేని మనిషి, వేరే ఏడాదిలో, అదే మాట అన్నాడా అని చూడాలి.

ఒక తిరకాసు కూడా గుర్తుంచుకో. నీ అదృష్టం, మూడు వారాలకే చూశావు. గూగుల్ మ్యాప్స్ అసలు తేదీ చూపించదు, పాతబడే కొద్దీ "2 నెలల క్రితం", ఆపైన "ఏడాది క్రితం" అంటుంది. అప్పుడు ఒక్క రాత్రిలో పడ్డ ఆరు రివ్యూలూ ఏడాదంతా వచ్చిన ఆరు ఫిర్యాదుల్లాగే కనిపిస్తాయి. అలాంటప్పుడు మాటల పోలిక చూడాలి, లేదా ఫొటో పెట్టి ఉంటే దాని మీద నెల చూడాలి.

---

కృష్ణలంక కుర్రాడు · ఆదివారం, మధ్యాహ్నం 1:15

చదివాను. పాతవి పదకొండు ఉన్నాయి. ఏసీ పని చేయలేదని ఒక్కరు కూడా అనలేదు. ఒకాయన "చలికి వణికాం" అని రాశాడు. బాత్రూమ్‌ల మీద ఒకటే, రెండేళ్ల క్రితంది. డీజిల్ మీద మాత్రం మూడు. ఏడాది క్రితం ఒకటి, రెండేళ్ల క్రితం రెండు. "అద్దెలో కలిసే ఉందనుకున్నాం, ఆఖరి రోజు బిల్లులో వేశారు" అని. ఇంకో ఇద్దరు, శుభ్రం చేసే ఖర్చు అని డిపాజిట్‌లో కోశారని రాశారు. ఆ ఆరో రివ్యూ అతని ప్రొఫైల్‌లో ఇంకా 14 రివ్యూలు ఉన్నాయి, ఎక్కువగా హోటళ్లవి, చాలావాటికి నాలుగు స్టార్లు ఇచ్చాడు. జనరేటర్ షెడ్డు ఫొటో కూడా పెట్టాడు.

ఐదోదాని ప్రొఫైల్ మాత్రం కనపడకుండా దాచేశారు. "మాట మారుస్తారు" అన్నది ఆ కుటుంబమో వేరే ఎవరో తెలియడం లేదు.

---

కాకినాడ కోడలు · ఆదివారం, మధ్యాహ్నం 1:40

అంటే ఆరుగురిలో నిజంగా పనికొచ్చే మాట చెప్పింది ఆ జనరేటర్ ఆయన. మిగతా వాళ్ల గోలలో ఆయన్ని కూడా "కక్ష" అని తోసేసేవాళ్లం. ఓనర్ కూడా "ఇంటిల్లిపాది" అని అందరినీ ఒకే గాటన కట్టేశాడు, తెలివిగానో తెలియకో.

---

కృష్ణలంక కుర్రాడు · సోమవారం, రాత్రి 8:30

ఈరోజు నాన్నా నేనూ హాల్‌కి వెళ్లాం. మధ్యాహ్నం రెండింటికి, కావాలనే ఒక రిసెప్షన్ ఉన్న రోజు. ఏసీ బాగుంది. బాత్రూమ్‌లు మరీ గొప్పగా లేవు, దరిద్రం కూడా కాదు. భోజనాల హాల్లో సాంబారు వాసన తప్ప ఏమీ లేదు.

బుకింగ్ డైరీ చూపించమన్నాం, మా తేదీ ఖాళీనో కాదో చూడాలని. మేనేజర్ పేజీలు తిప్పుతుంటే గత వారం ముహూర్తం తేదీ కనిపించింది. ఒక పేరు కొట్టేసి, కింద వేరే ఇంకుతో "ఓణీల ఫంక్షన్, సాయంత్రం" అని ఉంది. నాన్న ఊరుకోడు కదా, అడిగేశాడు. "అది సాయంత్రం ఒక్క పూటేనండి, 70 వేలకి ఇచ్చాం, నష్టానికే" అన్నాడు.

---

నైట్‌షిఫ్ట్ · సోమవారం, రాత్రి 8:52

అదీ సంగతి! తేదీ మళ్లీ అమ్ముకున్నారు, 60 వేలూ ఉంచుకున్నారు. పాపం ఆ పెళ్లి ఆగిపోయినవాళ్లు తిట్టారంటే తిట్టరా?

---

తాళం గుత్తి · సోమవారం, రాత్రి 9:10

2,20,000 రావాల్సిన చోట 70 వేలు వచ్చింది. అడ్వాన్స్ కలుపుకున్నా 1,30,000. ఇంకా 90 వేలు తక్కువే. దొంగతనం ఎక్కడుంది అందులో?

---

రిటైర్డ్ గార్డు · సోమవారం, రాత్రి 9:34

పెళ్లి జరిగి ఉంటే రెండు రోజుల కరెంటు, మనుషులు, శుభ్రం, జీఎస్టీ ఉండేవి. అవి 2,20,000లో తీసేయాలి కదా తాళం గుత్తి గారూ. నేనైతే కొంత వెనక్కి ఇమ్మనేవాణ్ణి. ఎంత అంటే నేనూ చెప్పలేను, ఖర్చుల లెక్కలు చూడాలి. ఇద్దరికీ కాస్త కాస్త న్యాయం ఉంది.

కృష్ణలంక బాబుకి ఇందులో కావలసింది ఒక్కటే. ఈ హాల్ వాళ్లు ఏదైనా తేడా వస్తే రూపాయి వదలరు. ఏసీ బాగుండటం ఎంత నిజమో ఇదీ అంతే నిజం. మీ పెళ్లి ఖాయంగా జరుగుతుందనుకుంటే దీని బరువు తక్కువ. ఏ అనుమానం ఉన్నా చాలా ఎక్కువ.

---

కృష్ణలంక కుర్రాడు · సోమవారం, రాత్రి 10:05

అనుమానం ఏమీ లేదండి, కానీ మా తాతయ్యకి ఒంట్లో బాగాలేదు. ఏమైనా అయితే పెళ్లి వాయిదా పడుతుంది. అదే నాన్న భయం. అందుకే రసీదు వెనక పెన్నుతో రాయించాలని చూశాం: తేదీ మళ్లీ బుక్ అయితే వచ్చిన దాన్ని బట్టి అడ్వాన్స్‌లో సగం వరకు తిరిగిస్తాం అని. మేనేజర్ నోటితో సరే అన్నాడు, రాయడానికి మాత్రం ఓనర్‌ని అడగాలన్నాడు. నాన్న "రాస్తేనే కడతా" అని లేచి వచ్చేశాడు. రేపు పోరంకి వైపు ఇంకో హాల్ చూస్తున్నాం.

ఒకటి అడగాలి. డీజిల్ మనమే పోయించుకోవాలంటే ఎంత అవుతుంది? అక్కడ జనరేటర్ మీద 125 kVA అని ఉంది.

---

తాళం గుత్తి · సోమవారం, రాత్రి 10:20

ఏసీలన్నీ వేసి ఫుల్ లోడ్ మీద నడిపితే గంటకి 25 లీటర్ల దాకా తాగుతుంది, సగం లోడ్ అయితే 14, 15. ముందు రోజు ట్యాంకులో ఎంత ఉందో పుల్ల ముంచి చూసి ఫొటో తీసుకోండి, అవర్ మీటర్ ఫొటో కూడా. పెళ్లి అయ్యాక మళ్లీ రెండూ తీయండి. మా హాల్లో అయినా సరే, ఫొటోలు ఉన్నవాళ్లతో నేను వాదించను.